సగటు 140, చేతిలో సున్నా: ఫ్రీలాన్స్‌కీ ఉద్యోగానికీ మధ్య ఒక గ్రాఫిక్ డిజైనర్ కేసు

నేను డిజైనర్లకి కెరీర్ విషయంలో సలహాలు ఇస్తుంటాను. అంతకు ముందు పదకొండేళ్లు స్టూడియోల్లో పనిచేశాను, చివరి నాలుగేళ్లు కొత్తవాళ్లని తీసుకునే బాధ్యత కూడా నాదే. ఈ కేసు రాయడానికి కారణం ఒకటే: ఫ్రీలాన్స్ బాగా నడుస్తోందని లెక్కలు చెబుతున్నా నెలాఖరుకి అప్పు చేయాల్సి వచ్చే డిజైనర్లు నా దగ్గరికి చాలామంది వస్తున్నారు, అందరూ అడిగేది దాదాపు ఇదే ప్రశ్న. మనిషిని గుర్తుపట్టకుండా ఉండటానికి కొన్ని వివరాలు మార్చాను. డబ్బు లెక్కలన్నీ ఒక కొలతలోకి తెచ్చాను: ఆమె ఇంటికి నెలనెలా తప్పనిసరిగా అయ్యే ఖర్చుని 100 అనుకున్నాం, మిగతావన్నీ దానితో పోల్చి చెబుతున్నాను. మీ ఖర్చు ఎంతైనా ఇదే లెక్క మీకూ సరిపోతుంది.

నేపథ్యం

ఆమెకి ప్యాకేజింగ్ డిజైన్‌లో ఆరేళ్ల అనుభవం ఉంది. డబ్బాలు, పౌచ్‌లు, లేబుళ్లు, వాటిని ఎక్కడ కోయాలో ఎక్కడ మడవాలో చూపించే గీతల బొమ్మలైన డైలైన్లు, ప్రింటర్‌కి పంపే ఫైళ్లు, అన్నీ సొంతంగా చేయగలదు. ఒక ఏజెన్సీలో పనిచేస్తూ, రాత్రిళ్లు పని చేయించుకుని జీతం పెంచకపోవడంతో విసిగిపోయి మానేసింది. చేతిలో కొంత పొదుపు ఉంది, ఫ్రీలాన్స్ పనులు దొరికే రెండు ఆన్‌లైన్ ప్లాట్‌ఫారాల్లో, అప్‌వర్క్‌లో, ఫైవర్‌లో, ప్రొఫైల్ పెట్టింది. మొదటి నెలలోనే పని దొరికింది. ఇంట్లో సంపాదించేది తనొక్కతే. అద్దె, తల్లి వైద్యం, తమ్ముడి చదువు, ఈ మూడూ ఒక్క నెల కూడా ఆగేవి కావు.

తొమ్మిది నెలల తర్వాత నన్ను కలిసింది. అప్పటికి పొదుపు అయిపోయింది, క్రెడిట్ కార్డు మీద బాకీ మొదలైంది. సరిగ్గా అప్పుడే ఒక కంపెనీ సొంత డిజైన్ టీమ్ నుంచి ఫుల్‌టైమ్ ఉద్యోగం ఆఫర్ వచ్చింది. జీతం చేతికి 115.

"మేడమ్, ఫ్రీలాన్స్‌లో నెలకి సగటున 140 వస్తోంది. 115కి ఉద్యోగంలో చేరడం వెనక్కి వెళ్లడమే కదా? కానీ మరి డబ్బు ఎందుకు ఉండట్లేదో నాకే అర్థం కావట్లేదు" అంది.

అసలు సమస్య ఎక్కడుంది

మొదట నేను అడిగింది ఆమె బ్యాంకు స్టేట్‌మెంటు. ప్లాట్‌ఫారం డ్యాష్‌బోర్డు చూపించబోయింది, వద్దన్నాను. డ్యాష్‌బోర్డులో కనిపించేది సంపాదించినట్టు రాసుకున్న మొత్తం, అందులో కమిషన్ పోవాలి, గడువు తీరాలి, అప్పుడు బ్యాంకుకి రావాలి. ఇంటి అద్దె కట్టేది బ్యాంకులో ఉన్న డబ్బుతో.

బ్యాంకుకి చేరిన మొత్తాలు నెలవారీగా ఇలా ఉన్నాయి: 210, 95, 160, 40, 230, 120, 35, 190, 180. కూడితే 1260, తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 140. ఆమె చెప్పింది తప్పు కాదు. కానీ నాలుగో నెలా ఏడో నెలా చూడండి, 40, 35. ఆ నెలల్లో అద్దె 40 శాతం కట్టి ఊరుకోలేం కదా.

తర్వాత ఆ 140లోంచి ఫ్రీలాన్సర్ తనే భరించాల్సినవి తీశాం. డిజైన్ సాఫ్ట్‌వేర్, ఫాంట్లు, ప్రపోజల్స్ పంపడానికి కొనే కనెక్ట్స్, అన్నీ కలిపి నెలకి 8. లాప్‌టాప్ ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి, దానికి నెలకి 5. ఆరోగ్య బీమా 6. పన్ను కోసం పక్కన పెట్టాల్సింది 15. ఈ ఆఖరిది ఆమె అసలు పక్కన పెట్టనేలేదు, వచ్చింది వచ్చినట్టు ఖర్చయిపోయింది. మొత్తం 34 పోతే మిగిలేది 106. ఉద్యోగంలో 115 అనేది పన్ను పోయాక వచ్చేది, బీమా కంపెనీదే, సాఫ్ట్‌వేరూ కంప్యూటరూ వాళ్లవే. అంటే ఇన్నాళ్లూ ఆమె పోల్చింది 140కీ 115కీ, పోల్చాల్సింది 106కీ 115కీ.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు, ఉద్యోగమే మంచిదని తేల్చేస్తారు. నేను ఆగలేదు, ఎందుకంటే 106కీ 115కీ మధ్య తేడా చిన్నదే, స్వేచ్ఛ కోసం ఆ 9 వదులుకోవచ్చు అనేవాళ్లు ఉంటారు, అందులో తప్పేం లేదు. అసలు ఇబ్బంది హెచ్చుతగ్గులది. అందుకని నెలకి 134 బయటికి పోతుందనుకుని (ఇంటికి 100, పైన చెప్పిన 34) సున్నా నుంచి మొదలుపెట్టి నెలనెలా నిల్వ ఎంత ఉండేదో కాగితం మీద వేశాం. మొదటి నెల చివర 76, తర్వాత 37, 63, నాలుగో నెలలో మైనస్ 31, మళ్లీ 65, 51, ఏడో నెలలో మైనస్ 48, ఆ తర్వాత 8, చివరికి 54. తొమ్మిది నెలలు కష్టపడితే మిగులు 54, నెలకి 6. మంచి నెలల్లో మిగిలిందీ, పన్ను, లాప్‌టాప్ డబ్బూ ఆమె పక్కన పెట్టకుండా ఖర్చు చేసేసింది కాబట్టి ఆ మైనస్‌లు మొదట పొదుపులోంచి పోయాయి, పొదుపు అయ్యాక కార్డు మీదకి వెళ్లాయి.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. వచ్చిన 1260లో 590 ఒకే క్లయింటుది. ఆ క్లయింటుని తీసేస్తే సగటు 74కి పడిపోతుంది. 40, 35 వచ్చిన నెలలకి ముందు ఏం జరిగిందని అడిగితే, రెండుసార్లూ ఆ క్లయింటు కొత్త ప్రోడక్ట్ విడుదల వాయిదా వేశాడు. అంటే ఆమె ఆదాయంలో దాదాపు సగం ఒక్కచోటి నుంచే వస్తోంది, అక్కడ నోటీసు పీరియడ్ లేదు, సెలవు లేదు. ఇది తెలిశాక ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. పదిహేను మంది క్లయింట్లు ఉన్నారు కాబట్టి భయం లేదనుకుంటూ వచ్చింది. క్లయింట్లు ఎంతమంది అన్నదాని కంటే డబ్బులో ఎవరి వాటా ఎంత అన్నది చూడాలి.

మొదట చేసింది, ఎందుకు కుదరలేదు

ఆఫర్‌కి జవాబు చెప్పడానికి కంపెనీ ఎనిమిది వారాలు గడువిచ్చింది, ఆ పోస్టు వచ్చే త్రైమాసికంలో మొదలవుతుంది కాబట్టి. ఆ లోపు ఫ్రీలాన్స్‌నే స్థిరంగా చేయగలమేమో చూద్దామని ఆమె పట్టుబట్టింది. నేనూ సరేనన్నాను. రేటు 30 శాతం పెంచి, ప్రపోజల్స్ రెట్టింపు చేయమని సలహా ఇచ్చింది నేనే. అది తప్పు సలహా, ఎందుకు తప్పో చెబుతాను.

ఆరు వారాల్లో 38 ప్రపోజల్స్ పంపింది. అయిదుగురు జవాబిచ్చారు, ముగ్గురితో కాల్ జరిగింది, ఒక్క పని వచ్చింది. రేటూ, ప్రపోజల్స్ సంఖ్యా ఒకేసారి మార్చాం కాబట్టి దేనివల్ల ఏం జరిగిందో తెలుసుకునే దారి లేకుండా పోయింది. ప్రొఫైల్ చూస్తే లోగోలు, బ్రోషర్లు, సోషల్ మీడియా పోస్టులు, ప్యాకేజింగ్ అన్నీ కలగలిపి ఉన్నాయి, అలాంటి ప్రొఫైల్‌కి పెద్ద రేటు ఎవరూ ఇవ్వరు. నేను మనుషుల్ని తీసుకునే రోజుల్లో కూడా అన్నీ వచ్చనే పోర్ట్‌ఫోలియోని పక్కన పెట్టేదాన్ని. ఆ సంగతి తెలిసీ ముందు ప్రొఫైల్ సరిచేయించకుండా రేటు పెంచమన్నాను.

అయితే ప్రొఫైల్ బాగున్నా ఆ ప్రయత్నం ఆ ఎనిమిది వారాల్లో ఫలించేది కాదు, దానికి కారణం ప్లాట్‌ఫారాల్లో డబ్బు నడిచే వేగం. అప్‌వర్క్‌లో ఫిక్స్‌డ్ ప్రైస్ పని తీసుకోండి. ప్రపోజల్ పంపాక ఖరారు కావడానికి ఆమెకి మామూలుగా పది రోజులు పట్టేది. పనికి మూడు వారాలు. ఫైళ్లు సమర్పించాక క్లయింటు చూసి ఒప్పుకోవడానికి 14 రోజుల దాకా గడువుంటుంది, ఈలోపు ఏమీ అనకపోతే డబ్బు దానంతటదే విడుదలవుతుంది. విడుదలైన డబ్బు ఇంకో 5 రోజులు ఆగుతుంది. తర్వాత బ్యాంకుకి రావడానికి రెండు మూడు రోజులు. ఆలస్యం చేసే క్లయింటు దొరికితే మొత్తం యాభై రోజులు దాటుతుంది. ఫైవర్‌లో ఆర్డరు త్వరగా పూర్తయినా, మామూలు సెల్లర్‌కి డబ్బు 14 రోజులు ఆగాకే చేతికొస్తుంది, 20 శాతం కమిషన్ పోయాక. అంటే ఈ నెల డబ్బు తక్కువైతే ఈ నెల ఎంత కష్టపడినా ఈ నెల అద్దెకి అది పనికిరాదు, ఎప్పుడో రెండు నెలల తర్వాతి అద్దెకి పనికొస్తుంది. స్థిరమైన ఆదాయం కావాల్సిన వాళ్లు ముందు గమనించాల్సింది ఇదే, కానీ ప్లాట్‌ఫారాల గురించి మాట్లాడేటప్పుడు అందరూ కమిషన్ దగ్గరే ఆగిపోతారు.

టెన్షన్‌లో ఆమె నాకు చెప్పకుండా ఇంకో పని కూడా చేసింది. తక్కువ ధరకి లోగో చేసిస్తానని గిగ్ ప్రకటన పెట్టి, ఎన్నిసార్లయినా మార్పులు చేసిస్తానని రాసింది. నెలలో పదకొండు ఆర్డర్లొచ్చాయి, చూడటానికి బాగుంది. కానీ గంటలు లెక్కవేస్తే ప్యాకేజింగ్ పనిలో గంటకి వచ్చేదానిలో మూడో వంతు కూడా రాలేదు, రెండు ఆర్డర్లు మధ్యలో రద్దయ్యాయి, ఒకరు తక్కువ రేటింగ్ ఇచ్చారు. ఆ రేటింగ్ ప్యాకేజింగ్ క్లయింట్లకి కూడా కనిపిస్తుంది కదా. గిగ్ ఆపించాం. తక్కువ ధర పనులు ఖాళీ నెలని నింపుతాయని అనిపిస్తుంది గానీ, మంచి పని వెతుక్కోవాల్సిన గంటల్ని అవే తినేస్తాయి.

ఆ గంటల మాట కూడా చెప్పాలి. నాలుగు వారాలు ప్రతి అరగంటా రాసిపెట్టమన్నాను. వారానికి 52 గంటలు పనిచేస్తోంది, అందులో డబ్బు వచ్చేవి 27. మిగతా 25లో ప్రపోజల్స్‌కి 9, మెసేజ్‌లూ కాల్స్‌కి 6, ఒప్పందంలో లేని రివిజన్లకి 7, బిల్లులూ ఫైళ్లూ సర్దడానికి 3. ఉద్యోగంలో వారానికి 45 గంటలు. 106ని 52 గంటల వారాలతో, 115ని 45 గంటల వారాలతో పోల్చితే, గంటకి ఉద్యోగంలోనే పాతిక శాతం ఎక్కువ వస్తోంది. ఏజెన్సీలో రాత్రిళ్లు పని చేయించారని మానేసిన మనిషి ఇప్పుడు అంతకంటే ఎక్కువ గంటలు చేస్తోంది. అది ఆమె నోటితోనే అంది.

బఫర్ పెంచుకోవడం గురించి కూడా ఆలోచించాం. మూడు నెలల ఇంటి ఖర్చు, అంటే 300 చేతిలో ఉంటే 40 వచ్చిన నెలని భయం లేకుండా దాటొచ్చు. అందరూ ఇచ్చే సలహా ఇదే, సలహాలో తప్పు లేదు. కానీ నెలకి మిగులుతున్నది 6. 300 కావాలంటే 50 నెలలు. అప్పటిదాకా ఒక్క పెద్ద క్లయింటూ పోకూడదు, ఇంట్లో ఎవరికీ జబ్బు చేయకూడదు. ఈ లెక్క కాగితం మీద రాయగానే ఫ్రీలాన్స్ ఒక్కదానితోనే నిలబడే దారి ఆమెకి ఇప్పుడు లేదని ఇద్దరికీ అర్థమైంది. చేతిలో ముందే 300 ఉండి ఉంటే నేను వేరే సలహా ఇచ్చేదాన్ని.

ఆఫర్ లెటర్ చదవడం

ఉద్యోగమే అని తేలాక కూడా వెంటనే సంతకం పెట్టనివ్వలేదు. ఉద్యోగం అంటే స్థిరం అని మనకి మనం చెప్పుకుంటాం, ఎంత స్థిరమో కాగితం చెబుతుంది. లెటర్‌లో మూడు చోట్ల ఎర్ర పెన్నుతో గీతలు గీశాను.

మొదటిది, జీతంలో కొంత భాగం ఏడాది చివర పనితీరుని బట్టి ఇచ్చే బోనస్. దాన్ని మేం సున్నా కింద లెక్కపెట్టాం. నేను చెప్పిన 115 అది లేకుండానే, నెలనెలా చేతికొచ్చేది. ఆఫర్‌లో రాసిన పెద్ద సంఖ్యని పన్నెండుతో భాగించి ఇంటి ఖర్చుతో పోల్చితే మోసపోతాం.

రెండోది, బయట ఏ పనీ చేయకూడదని, ఉద్యోగంలో ఉన్నంత కాలం ఆమె చేసిన ప్రతి డిజైనూ, ఆఫీసు టైమ్ బయట చేసినదైనా సరే, కంపెనీదేనని ఉంది. దీన్ని అలాగే ఒప్పుకుంటే ఆ పెద్ద క్లయింటుని వదులుకోవాలి. వదలకుండా దాచి చేస్తే, ఎప్పుడైనా బయటపడితే ఉద్యోగమూ పోతుంది, ఆ క్లయింటుకిచ్చిన డిజైన్ల హక్కులు ఎవరివన్న గొడవా వస్తుంది. ఆఫీసులో ఎవరు చూస్తారులే అని చాలామంది చేస్తారు. నేను ఒప్పుకోను, ముఖ్యంగా ఇల్లు ఆ జీతం మీద నడిచేటప్పుడు.

మూడోది, ఆరు నెలల ప్రొబేషన్, ఆ కాలంలో కంపెనీ వారం నోటీసుతో తీసేయొచ్చు, ఆమె మానాలంటే మాత్రం నెల ముందు చెప్పాలి.

ఆమె హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ రాసింది, నేను మాటలు సర్దాను, అంతే. నాకు ముందు నుంచీ ఒక ప్యాకేజింగ్ క్లయింటు ఉన్నారు, మీ రంగం కాదు, వారానికి ఎనిమిది గంటలకి మించి చేయను, ఆఫీసు సమయంలో చేయను, ఆఫీసు కంప్యూటరు గానీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు గానీ వాడను, ఈ ఒక్కదానికి అనుమతి రాతలో ఇవ్వండి, ఆ పని హక్కులు కంపెనీకి చెందవని చేర్చండి అని. రెండో కోరిక, మార్కెట్‌లోకి విడుదలైన పనిని పోర్ట్‌ఫోలియోలో చూపించుకునే అనుమతి. మూడోది, ప్రొబేషన్‌లో నోటీసు ఇద్దరికీ నెల ఉండాలని.

మొదటిదానికి సరేనన్నారు, క్లయింటు పేరు అనుబంధంలో రాశారు. రెండోదానికి, విడుదలై మూడు నెలలయ్యాక చూపించుకోవచ్చన్నారు. మూడోదానికి కుదరదన్నారు. మెయిల్ పంపే ముందు రాత్రి, ఇలా అడిగితే ఆఫరే తీసేస్తారేమోనని ఆమెకి నిద్రపట్టలేదు. నేను అటువైపు కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను: హద్దులు స్పష్టంగా చెప్పి మర్యాదగా అడిగిన అభ్యర్థిని నేనెప్పుడూ ఆ కారణంతో వదులుకోలేదు. ఏ షరతూ చదవకుండా సంతకం పెట్టి, తర్వాత గొడవపడేవాళ్లతోనే ఇబ్బంది.

ప్రొబేషన్ నోటీసు వారమే ఉండిపోయింది కాబట్టి, ఆ ఆరు నెలలూ ప్లాట్‌ఫారం ప్రొఫైల్ మూసేయకూడదని నిర్ణయించాం.

పనిచేసిన ఏర్పాటు

చేరేలోపు ఆ పెద్ద క్లయింటుతో మాట్లాడింది. ఇంతకు ముందు అతను ఎప్పుడు పని ఉంటే అప్పుడు పంపేవాడు, కొన్ని నెలలు వంద, కొన్ని నెలలు సున్నా. ఇప్పుడు నెలనెలా 30కి రిటైనర్ అడిగింది, అంటే ప్రతి నెలా ముందే అనుకున్న పనికి ముందే అనుకున్న మొత్తం. దానికి ఏం వస్తుందో రాసింది: ఉన్న డిజైన్‌ని రెండు కొత్త సైజులకో రుచులకో మార్చివ్వడం, ఒక్కో దానికి ఒక రివిజన్ రౌండు, ప్రింటర్‌కి వెళ్లే ఫైళ్లు. కొత్త బ్రాండ్ పనీ, అర్జెంటు పనీ ఇందులో ఉండవు. నెల మొదట్లో మైల్‌స్టోన్‌లో డబ్బు వేస్తేనే పని మొదలవుతుంది.

అతను ఒప్పుకున్నాడు. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు, ఎందుకంటే ప్యాకేజింగ్‌లో క్లయింటుకి కొత్త డిజైనర్‌ని వెతకడం పెద్ద తలనొప్పి. డైలైన్లు, ప్రింటర్ పద్ధతులు, లేబుల్ మీద తప్పనిసరిగా ఉండాల్సిన వివరాలు, అన్నీ మళ్లీ నేర్పాలి. రిటైనర్ అడగడానికి బలం ఇలాంటి పనిలోనే ఉంటుంది. సోషల్ మీడియా పోస్టులు చేసే డిజైనర్ ఇదే అడిగితే క్లయింటు ఇంకొకరి దగ్గరికి వెళ్లడం చాలా తేలిక.

కమిషన్ మిగులుతుందని రిటైనర్‌ని అప్‌వర్క్ బయటికి తెద్దామా అని ఆమె అడిగింది. వద్దన్నాను. అక్కడ పరిచయమైన క్లయింటుతో రెండేళ్ల దాకా లావాదేవీలు అక్కడే జరగాలన్నది ఆ ప్లాట్‌ఫారం నియమం, మీరితే ఖాతా మూసేయొచ్చు. ముందే తీసుకెళ్లాలంటే దానికి వేరే రుసుము కట్టాలి. నెలకి 3 కమిషన్ కోసం ఆరేళ్ల అనుభవం చూపించే ప్రొఫైల్‌ని పణంగా పెట్టడం దండగ. పైగా పని మొదలవకముందే డబ్బు ఎస్క్రోలో, అంటే ప్లాట్‌ఫారం దగ్గర జమగా, ఉండటం ఆమెకి నిజమైన రక్షణ.

ఇప్పుడు లెక్క చూడండి. జీతం 115, ఇంటికి 100, మిగులు 15. రిటైనర్ 30, కమిషన్ పోతే 27, పన్నుకి 6, సొంత సాఫ్ట్‌వేర్‌కి 6 తీస్తే ఇంకో 15. నెలకి మొత్తం మిగులు 30. మునుపు 50 నెలలు పట్టే బఫర్ ఇప్పుడు పది నెలల్లో వస్తుంది. ఇది చూపించినప్పుడు ఆమె ముఖంలో వెలుగు చూశాను, ఆ రోజు నాకింకా గుర్తుంది.

సాఫ్ట్‌వేర్ విషయంలో ఒక్క మాట. ఆఫీసు లైసెన్సు ఇంట్లో కూడా పనిచేస్తుంది కదా, మళ్లీ కొనడమెందుకు అనిపిస్తుంది. ఆఫీసు ఖాతాలో బయటి క్లయింటు ఫైలు ఒక్కటి సేవ్ అయినా, రాతలో తీసుకున్న అనుమతికి విలువ పోతుంది. ఆ 6 దండగ కాదు.

ప్రొఫైల్ కూడా మార్చాం. లోగోలూ పోస్టులూ తీసేసి ప్యాకేజింగ్ ఒక్కటే ఉంచింది, ఎనిమిది పనులు, ఒక్కోదానికి డైలైన్ బొమ్మా అరలో పెట్టిన డబ్బా ఫొటో పక్కపక్కనే. ప్రపోజల్స్ పంపడం పూర్తిగా మానేసింది. విచిత్రమేమిటంటే, పంపడం మానేశాక రెండు మూడు నెలలకొకసారి ఆహ్వానాలు రావడం మొదలైంది. ఎనిమిది గంటల హద్దు ఉంది కాబట్టి వద్దనే చెప్పింది, కానీ ఎవరడిగారో, ఏ రేటుకో ఒక కాగితంలో రాసిపెట్టుకుంది.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. నాలుగో నెలలో ఆ క్లయింటు దగ్గర మార్కెటింగ్ చూసే మనిషి మారాడు, రిటైనర్ రెండు నెలలు ఆపేశారు. ఏడాది కిందట అదే జరిగినప్పుడు బ్యాంకుకి 40 వచ్చింది. ఈసారి 115 వచ్చింది, ఆమె ఆ రెండు నెలలూ సొంత సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ ఆపేసి, ఇంటి ఖర్చు మామూలుగా నడిపింది, ఒక్క రాత్రి కూడా లోగో గిగ్ గురించి ఆలోచించలేదు. బఫర్ 300కి పది నెలల బదులు పదకొండు నెలలు పట్టింది. కార్డు బాకీ మాత్రం విడిగా తీర్చాల్సి వచ్చింది, మొదటి ఏడాది బోనస్ అందుకే పోయింది.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నది

ఇప్పుడు ఎవరు వచ్చినా మొదటి సమావేశంలో సగటు గురించి మాట్లాడను. బ్యాంకుకి డబ్బు తక్కువగా వచ్చిన రెండు మూడు నెలలు ముందు పెట్టుకుంటాం, ఆ నెలల్లో ఇల్లు ఎలా నడిచిందని అడుగుతాను. దాని జవాబులోనే చాలా తెలిసిపోతుంది. రేటు పెంచడం, ప్రొఫైల్ మార్చడం లాంటివి ఒకేసారి చేయించను, ఒక్కొక్కటి చేసి కనీసం రెండు నెలలు ఆగమంటాను, డబ్బు రావడానికే అంత పడుతుంది కాబట్టి.

ఇది అందరికీ సరిపడే జవాబు కాదని కూడా చెప్పాలి. ఇంట్లో ఇంకొకరి జీతం ఉంటే, ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే, లేదా క్లయింట్లు అయిదారుగురు ఉండి పెద్దవాడి వాటా మూడో వంతు లోపే ఉంటే, 106 వచ్చే ఫ్రీలాన్స్‌ని వదలమని నేను చెప్పను. ఉద్యోగం బయటి పనికి అసలు ఒప్పుకోకపోయినా ఈ ఏర్పాటు కుదరదు, అప్పుడు 15 చొప్పున బఫర్‌కి 20 నెలలు పడుతుంది, ఆ 20 నెలలూ ఆ ఉద్యోగం నచ్చేలా ఉందా అన్నది వేరే ప్రశ్న అవుతుంది. ప్రింట్‌కి సంబంధం లేని పని చేసేవాళ్లకి రిటైనర్ దొరకడం కష్టమని ముందే అన్నాను.

మళ్లీ పూర్తిగా ఫ్రీలాన్స్‌కి ఎప్పుడు వెళ్లొచ్చో కూడా ఆమె రాసిపెట్టుకుంది, ఆఫర్ మీద ఆమె సంతకం పెట్టే ముందే రాయమన్నాను, ఎందుకంటే ఆఫీసులో ఒక చెడ్డ రోజు గడిచాక రాస్తే షరతులు తేలికైపోతాయి. బఫర్ 300 దాటాలి. కనీసం ముగ్గురు రిటైనర్లకి ఒప్పుకుని ఉండాలి, వాళ్లలో ఒక్కరి వాటా కూడా 35 శాతం దాటకూడదు. ఆ ముగ్గురిలో పెద్దవాడు పోయినా మిగతావాళ్లతో ఇంటి ఖర్చులో నాలుగింట మూడు వంతులైనా రావాలి. మొదటిది పూర్తయింది. రెండోది ఎనిమిది గంటల హద్దులో సాధ్యం కాదు, దాని గురించి కంపెనీతో వారానికి నాలుగు రోజుల పని అడగాలా అని ఆలోచిస్తోంది.

మొన్న ఫోన్ చేసింది. ఆ పాత క్లయింటు కొత్త ప్రోడక్ట్ తెస్తున్నాడట, నాలుగు నెలలకి నెలకి 90 ఇస్తానన్నాడట, కానీ వారానికి పాతిక గంటలు కావాలి. "ఇంతకు ముందైతే ఎగిరి గంతేసేదాన్ని మేడమ్. నాలుగు నెలల తర్వాత ఏంటని అడిగాను, అతని దగ్గర జవాబు లేదు" అంది. తనకి తెలిసిన ఇంకో ప్యాకేజింగ్ డిజైనర్ పేరు చెప్పి, ప్రింటర్ ఫైళ్లు మాత్రం రిటైనర్ కింద తనే చూస్తానని చెప్పిందట.